ట్యాంకులో నీళ్లు ఎన్ని గంటలు వస్తాయి?
ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థుల గణిత ప్రాజెక్టు, దానికి మేము మార్కులు వేసిన తీరు

(వార్షిక సమావేశంలో గణిత ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)





పోయిన ఏడాది ఇదే సభలో ఒక ప్రతిపాదన వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఎండాకాలంలో హాస్టల్లో రాత్రి తొమ్మిది దాటితే కుళాయిలో నీళ్లు రావడం లేదు, కాబట్టి మేడ మీద రెండో ట్యాంకు కట్టాలి అన్నారు. మీలో కొందరు అక్కడికక్కడే చందా ప్రకటించారు. ఆ పని మొదలుపెట్టే ముందు ఆరు వారాలు ఆగమని అడిగింది గణితం చెప్పే మేమే. ‘ట్యాంకుకీ లెక్కల మాస్టర్లకీ ఏం సంబంధం?’ అని ఆ రోజు కొందరు నవ్వారు. ఆ ఆరు వారాల్లో ఏం జరిగిందో చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాం.

ఇంటర్ రెండో సంవత్సరం ఎం.పి.సి. పిల్లలు 20 మందిని నలుగురేసి చొప్పున ఐదు జట్లు చేశాం. అందరికీ ఒకటే ప్రశ్న ఇచ్చాం: ‘నిండిన ట్యాంకు ఎన్ని గంటలు వస్తుంది?’ మా పిల్లలకు పాఠ్యపుస్తకంలో లెక్కలు చేయడం బాగా వచ్చు. అయితే అక్కడ కావలసిన సంఖ్యలన్నీ ప్రశ్నలోనే ఉంటాయి, అక్కర్లేనివి ఉండవు. ఈ ప్రశ్నలో ఒక్క సంఖ్య కూడా లేదు. ఏం కొలవాలో, ఏది వదిలేయాలో వాళ్లే తేల్చుకోవాలి. దీన్నే గణిత నమూనా తయారు చేయడం అంటాం.

మొదటి వారంలోనే నాలుగు జట్లు దాదాపు ఒకే జవాబుతో వచ్చాయి. ట్యాంకు సిమెంటుది. లోపల పొడవు రెండున్నర మీటర్లు, వెడల్పు రెండు మీటర్లు, లోతు మీటరూ ఇరవై సెంటీమీటర్లు. గుణిస్తే 6,000 లీటర్లు. హాస్టల్లో పిల్లలు 50 మంది. పట్టణాల్లో నీటి సరఫరాకు కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ చెప్పే తలసరి లెక్క రోజుకు 135 లీటర్లు. 50 మందికి 6,750 లీటర్లు. నిండిన నీళ్లను రోజువారీ వాడకంతో భాగించి 24తో గుణిస్తే 21 గంటల 20 నిమిషాలు వచ్చింది.

మన వార్డెన్ గారు మోటారు తెల్లవారుజామున వేస్తారు, ఫజర్ వేళకు, అంటే సుమారు ఐదింటికి ట్యాంకు నిండి ఉంటుంది. పిల్లల లెక్క ప్రకారం నీళ్లు అర్ధరాత్రి దాటి రెండు గంటల ఇరవై నిమిషాల దాకా రావాలి. వార్డెన్ గారికి ఆ కాగితం చూపిస్తే, ‘మీ లెక్క బాగానే ఉంది బాబూ, నీళ్లకే లెక్క రాదు. తొమ్మిదికల్లా అయిపోతాయి’ అన్నారు. అంటే 16 గంటలే. తేడా ఐదు గంటల పైమాటే. మా ప్రాజెక్టు అసలు మొదలైంది ఆ మాట దగ్గరే.

తేడా ఎక్కడ వచ్చిందో వెతకమని పిల్లలను మేడ మీదికి పంపాం. మొదట దొరికింది ట్యాంకులోనే. పొర్లు గొట్టం పై అంచుకు పది సెంటీమీటర్ల కింద ఉంది. నీళ్లు అంతకంటే పైకి చేరవు. కిందికి నీళ్లు దిగే గొట్టం అడుగుకు పది సెంటీమీటర్ల పైన ఉంది. దాని కిందున్న నీళ్లు కుళాయికి రావు. అందువల్ల వాడుకోగల లోతు మీటరూ ఇరవై కాదు, ఒక్క మీటరే. నీళ్లు 6,000 కాదు, 5,000 లీటర్లు. ఇందులో ఒక సౌలభ్యం కూడా దొరికింది. ట్యాంకు అడుగు వైశాల్యం ఐదు చదరపు మీటర్లు గనుక మట్టం ఒక సెంటీమీటరు దిగితే సరిగ్గా 50 లీటర్లు ఖర్చయినట్టు. మీటరు బిగించకుండానే, మట్టం చదివితే వాడకం తెలిసిపోతుంది.

మట్టం చదవడానికి పిల్లలు రాత్రిపూట ట్యాంకెక్కి మూత తీయడం మాకు ఇష్టం లేదు. అందుకే పారదర్శకమైన సన్న గొట్టం ఒకటి ట్యాంకుకు బయట నిలువుగా కట్టి, పక్కన స్కేలు అతికించాం. ట్యాంకులో నీళ్లు ఎంత ఎత్తున ఉంటే గొట్టంలోనూ అంతే ఎత్తున ఉంటాయి. మొదట దాన్ని కుళాయిలకు వెళ్లే గొట్టానికి తగిలించాం. ఉదయం ఆరింటికి అందరూ కుళాయిలు తిప్పగానే మట్టం కిందికీ పైకీ ఊగిపోయింది. పారే నీళ్ల దగ్గర ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అక్కడి మట్టం నిజం చెప్పదు. తర్వాత దాన్ని ట్యాంకు కడిగేటప్పుడు వాడే అడుగు గొట్టానికి మార్చాం. అక్కడ నీళ్లు పారవు, మట్టం కదలకుండా నిలిచింది. ఈ తప్పు చేసిన జట్టు దాన్ని దాచకుండా నివేదికలో రాసింది. ఆ రాసినందుకు మార్కులు వేశాం.

ఒక ఆదివారం, చాలామంది పిల్లలు ఇళ్లకు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే రోజు చూసుకుని, ఆ ఒక్కరోజుకు మోటారు సాయంత్రం వేయించి రాత్రి తొమ్మిదికి ట్యాంకు నింపించాం. అప్పటి నుంచి మర్నాడు నీళ్లు ఆగేదాకా చదివిన మట్టాలు ఇవి. రాత్రి వేళ చదివి పెట్టింది మన వాచ్‌మన్ భాయ్.

రాత్రి 9 గంటలు: 100 సెం.మీ.
రాత్రి 11: 95
తెల్లవారుజామున 4: 90
ఉదయం 5: 88
ఉదయం 8: 44
మధ్యాహ్నం 1: 34
మధ్యాహ్నం 2: 26
సాయంత్రం 5: 20
రాత్రి 7: 4
రాత్రి 7.30: కుళాయి ఆగింది

ఈ సారి ట్యాంకు ఇరవై రెండున్నర గంటలు వచ్చింది. మొదట చెప్పిన 21 గంటల 20 నిమిషాలకు ఇది దగ్గరే కదా, మా లెక్క సరైనదే కదా అని ఒక జట్టు సంబరపడింది. మేము వాళ్లను ఒకటే అడిగాం: ‘మరి వార్డెన్ గారి 16 గంటల సంగతేమిటి?’

పట్టికనే మళ్లీ చూడమన్నాం. ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకు మూడు గంటల్లో 44 సెంటీమీటర్లు దిగాయి. వజూ, స్నానాలు, బట్టలు అన్నీ అప్పుడే. రాత్రి తొమ్మిది నుంచి ఐదు వరకు ఎనిమిది గంటల్లో దిగింది 12 సెంటీమీటర్లే. ట్యాంకు తొమ్మిదికి నిండితే ఆ తేలిక గంటలు ఎనిమిది ముందే కలిసివస్తాయి. ఐదింటికి నిండితే మొదటి మూడు గంటల్లోనే దాదాపు సగం పోతుంది. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య, ఇషా, భోజనాల వేళ, ఇంకో ఎనిమిది సెంటీమీటర్లు పోతాయని వేరే రోజు చూసి ఉన్నారు. ఐదింటికి 100తో మొదలుపెట్టి వరుసగా తీసేయండి: 44, 10, 8, 6, 16, తర్వాత 8, మళ్లీ 8. మొత్తం సరిగ్గా 100. అంటే రాత్రి తొమ్మిదికి ట్యాంకు ఖాళీ. వార్డెన్ గారు చెప్పింది అక్షరాలా అదే.

అదే ట్యాంకు, అదే పిల్లలు, అవే నీళ్లు. ఒకసారి ఇరవై రెండున్నర గంటలు, ఒకసారి 16 గంటలు. కాబట్టి ‘ఎన్ని గంటలు?’ అన్న ప్రశ్నకు, ‘ఎప్పటి నుంచి?’ అని అడగకుండా జవాబు లేదు. రోజంతా సమానంగా వాడతారని అనుకున్న సగటు లెక్క ఈ మాట చెప్పలేదు. మొదటి జవాబు ఆ రోజుకు దగ్గరగా రావడానికి కారణం కూడా పిల్లలే పట్టుకున్నారు. నీళ్లను వెయ్యి లీటర్లు ఎక్కువ అనుకున్నారు, వాడకాన్నీ వెయ్యికి పైగా ఎక్కువే అనుకున్నారు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేశాయి.

ఇక ఐదో జట్టు సంగతి. వాళ్లు ట్యాంకు దగ్గరికి వెళ్లలేదు, బకెట్లు పట్టుకుని స్నానాల గదుల దగ్గర కూర్చున్నారు. కుళాయి కింద బకెట్ పెట్టి వజూకు ఎన్ని నీళ్లు పడుతున్నాయో కొలిచారు. ఒక్కొక్కరికి సుమారు ఐదు లీటర్లు, రోజుకు ఐదుసార్లు, మొత్తం 25. స్నానానికి 30, మరుగుదొడ్డికి 20, బట్టలకూ మిగతావాటికీ 10. కలిపితే మనిషికి 85 లీటర్లు, 50 మందికి 4,250. వంటగదికి వేరే కనెక్షన్ ఉంది కాబట్టి అది ఈ లెక్కలో లేదు.

ట్యాంకు మట్టం చెప్పేది వేరు. 24 గంటలకు దిగేది 112 సెంటీమీటర్లు, అంటే 5,600 లీటర్లు. పైనుంచి దిగినవి 5,600, కింద వాడినవి 4,250. మరి మిగతా 1,350 లీటర్లు ఎక్కడికి పోయినట్టు?

జవాబు ఆ పట్టికలోనే ఉంది. రాత్రి పదకొండు నుంచి నాలుగు వరకు అందరూ నిద్రలో ఉంటారు. ఆ ఐదు గంటల్లో మట్టం 95 నుంచి 90కి దిగింది. అంటే ఎవరూ వాడకుండానే గంటకు 50 లీటర్లు. ఇది ఒక్కో గంటకూ చూస్తే తెలిసేది కాదు. స్కేలు చదవడంలో అర సెంటీమీటరో, ఒకటో అటూ ఇటూ అవుతుంది, ఒక గంట తేడా ఆ పొరపాటులోనే కలిసిపోతుంది. ఐదు గంటలు కలిపి చూశారు కాబట్టి నమ్మకంగా చెప్పగలిగారు. గంటకు 50 చొప్పున రోజుకు 1,200 లీటర్లు. కనబడని 1,350లో దాదాపు అంతా ఇదే. మిగతా 150 కొలతల్లో వచ్చే తేడా అనుకోవచ్చు.

కారుతున్నది ట్యాంకా, గొట్టాలా? తర్వాతి ఆదివారం రాత్రి పదకొండింటికి ట్యాంకు కింది గేట్ వాల్వు కట్టేశారు. నాలుగింటికి చూస్తే మట్టం కదల్లేదు. ట్యాంకు గోడలు బాగానే ఉన్నాయి, కారేది కిందే. ఎనిమిది మరుగుదొడ్ల ఫ్లష్ ట్యాంకుల్లో తలా కొన్ని చుక్కలు నీలం సిరా వేసి, ఎవరూ ఫ్లష్ చేయకుండా అరగంట ఆగారు. మూడింటిలో నీలం రంగు కిందికి వచ్చేసింది. లోపలి రబ్బరు వాషర్లు అరిగిపోయాయి. చప్పుడు లేకుండా, గచ్చు తడవకుండా నీళ్లు నేరుగా డ్రైనేజీలోకి వెళ్లిపోతున్నాయి. అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

ఇక్కడ ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న చెప్పాలి. ‘ట్యాంకులో నీళ్లు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది కదా సార్, కారడం కూడా తగ్గాలి కదా? రోజంతా గంటకు 50 అని ఎలా అంటాం?’ ట్యాంకు అడుగున చిల్లు ఉండి ఉంటే అతను చెప్పినట్టే జరిగేది, మట్టం దిగేకొద్దీ ధార సన్నబడేది. కానీ నీళ్లు కారుతున్నది ఫ్లష్ ట్యాంకు నుంచి. తేలే బంతి దాన్ని ఎప్పుడూ ఒకే మట్టానికి నింపుతూ ఉంటుంది. కాబట్టి మేడ మీద ఎన్ని నీళ్లున్నా కింద కారేది దాదాపు ఒకే తీరు. ఈ ప్రశ్న అడిగినందుకు అతనికి మౌఖిక పరీక్షలో పూర్తి మార్కులు పడ్డాయి.

ఇప్పుడు మీ చందాకు సంబంధించిన మాటకు వద్దాం. ఎండాకాలంలో మన బోరు రోజుకు ఒక్క ట్యాంకు, అంటే 5,000 లీటర్లే ఇస్తుంది. ఆపైన మోటారు గాలి లాగుతుంది. రోజు అవసరం 5,600. పైన ఇంకో ట్యాంకు కట్టినా దానిలోకి ఎక్కించడానికి నీళ్లేవి? ట్యాంకు నీళ్లను దాచగలదే తప్ప పుట్టించలేదు. వాషర్లు మార్చాక అవసరం 4,400కు దిగింది, బోరు ఇచ్చే 5,000 కంటే తక్కువ. పట్టికలో ప్రతి గంట నుంచీ ఒక సెంటీమీటరు తీసేసి పిల్లలు మళ్లీ లెక్క వేశారు. ఉదయం ఐదింటికి నిండిన ట్యాంకు మర్నాడు ఐదింటికి ఇంకా 12 సెంటీమీటర్లతో ఉంటుందని, మోటారు వేయకపోతే ఆరింటి దాకా వస్తుందని తేలింది. 16 గంటలు 25 గంటలు అయ్యాయి.

లెక్క వేసి ఊరుకోలేదు. వాషర్లు మార్చిన తర్వాత వచ్చిన ఆదివారం రాత్రి మళ్లీ మట్టం చూశారు. పదకొండు నుంచి నాలుగు వరకు స్కేలు మీద తేడా కనబడలేదు. ఆ ఎండాకాలం మిగిలిన రోజుల్లో రాత్రి నీళ్లు ఆగింది రెండుసార్లే. రెండుసార్లూ హాస్టల్లో పదిమందికి పైగా అతిథులు ఉన్నారు. అదీ లెక్కకు అందుతుంది. మిగిలే 12 సెంటీమీటర్లు అంటే 600 లీటర్లు. మనిషికి 88 చొప్పున ఆరుగురు అతిథులకే సరిపోతాయి.

ఈ నమూనా ఎక్కడ పనికిరాదో కూడా పిల్లల చేత రాయించాం. రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వేళలు వేరు, పగటి వాడకం వేరు. ఆ నెలకు కొత్త పట్టిక కావాలి. బట్టలుతికే సెలవు రోజుకూ ఇది చెల్లదు. బోరు 4,400 కంటే తక్కువ ఇచ్చే రోజున వాషర్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

చివరగా మార్కుల సంగతి. ‘జవాబు అందరికీ తెలిసిపోయాక మార్కులు దేనికి వేస్తారు?’ అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. మొత్తం 25 మార్కులు పెట్టాం. కొలబద్దను మొదటి రోజే పిల్లల చేతికిచ్చాం.

ఊహలు రాయడం: 4 మార్కులు
లెక్క కట్టడం, యూనిట్లు: 4
కొలతలు: 4
లెక్కను వాస్తవంతో పోల్చి మార్చుకోవడం: 6
హద్దులు చెప్పడం: 2
మౌఖికం, ఒక్కొక్కరికీ విడిగా: 5

మొదటి అంశం ఎలా దిద్దామో చెబితే మిగతావి అర్థమవుతాయి. ‘50 మంది ఉన్నారు, రోజంతా సమానంగా వాడతారు అనుకున్నాం’ అని ఊరికే రాస్తే ఒక మార్కు. ఎందుకలా అనుకున్నారో కారణం రాస్తే రెండు. ఆ ఊహ తప్పయితే జవాబు పెరుగుతుందా, తగ్గుతుందా రాస్తే మూడు. ఎంత మారుతుందో లెక్క వేసి చూపిస్తే నాలుగు. ‘సరైన జవాబు’కు విడిగా మార్కులు లేవు. 21 గంటల 20 నిమిషాలు వచ్చినందుకు ఎవరికీ మార్కు తగ్గలేదు. వార్డెన్ గారి మాట విన్నాక కూడా అక్కడే ఆగిపోయిన జట్టుకు మాత్రం పోల్చి మార్చుకునే ఆరు మార్కుల్లో ఒకటే వచ్చింది. ఆ జట్టు నివేదిక అన్నిటికంటే అందంగా ఉంది, రంగుల గ్రాఫులు కూడా వేశారు. వాళ్లకు 25లో 13 వచ్చాయి. కారణం వాళ్లకు కూర్చోబెట్టి చెప్పాం. రెండో అవకాశం ఇచ్చాం, దిద్దుకున్నారు.

మౌఖికం ఎందుకంటే, నలుగురి జట్టులో ఇద్దరే పని చేసే ప్రమాదం ఉంది. నివేదిక మూసి ఒక్కొక్కరినీ ఒక్కో ప్రశ్న అడిగాం. ‘సన్న గొట్టం చోటు ఎందుకు మార్చారు?’, ‘ట్యాంకు వెడల్పు రెట్టింపైతే సెంటీమీటరుకు ఎన్ని లీటర్లు?’ అలాంటివి. అక్కడ ఉండి కొలిచినవాడు వెంటనే చెబుతాడు. మేము ఇద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా విడివిడిగా దిద్ది, రెండు మార్కులకు మించి తేడా వచ్చిన చోట మళ్లీ చదివాం. రెండు నివేదికల్లో అలా జరిగింది. రెండుసార్లూ తేడా హద్దుల అంశం దగ్గరే వచ్చింది. ఈ ఏడాది దాన్ని ఇంకా స్పష్టంగా రాశాం.

పెద్దలారా, రెండో ట్యాంకు కోసం మీరిచ్చిన సొమ్ము అమానత్‌గా అలాగే ఉంది. మూడు వాషర్ల ఖర్చు హాస్టల్ మరమ్మతుల పద్దులోనే సరిపోయింది. ఆ సొమ్ము దేనికి వాడాలన్నది మీరూ కార్యవర్గమూ నిర్ణయించవలసిన విషయం. మా తరఫున ఒక్క మనవి. ఈ ఏటి జట్లకు మేమిచ్చిన ప్రశ్న ‘మన బోరు ఏ నెలలో రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తుంది?’ అన్నది. మోటారు ఎన్ని గంటలకు ట్యాంకు నింపుతోందో అదే సన్న గొట్టంతో రోజూ చదువుతున్నారు. ఎండాకాలం దాటేసరికి ఆ పట్టిక మీ చేతికి వస్తుంది. అప్పటిదాకా ఆగి నిర్ణయం తీసుకోండి.

సభ ముగిశాక మేడ మీదికి రండి. మట్టం చదివి వినిపించడానికి పిల్లలు అక్కడే ఉంటారు.

వస్సలాం.